మూడు రోజుల సెలవు, ఏడుగురం, మనిషికి 1500 లోపు: హన్మకొండ నుంచి ఎక్కడికి పోవచ్చు?

సుబేదారి సాయి (ఆగస్టు 1, రాత్రి 9:40)

అందరికీ నమస్తే. మేము ఏడుగురం, డిగ్రీ ఫైనలియర్. నలుగురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు. ఈసారి ఆగస్టు 15 శుక్రవారం వచ్చింది, మర్నాడు కృష్ణాష్టమి, ఆ తర్వాత ఆదివారం. మూడేళ్లలో కలిసి ఒక్క ట్రిప్ కూడా పోలేదు. వచ్చే ఏడాది ఎవరు ఎక్కడ ఉంటారో తెలియదు కాబట్టి ఇదే పోవాలని ఉంది.

మనిషికి 1500 అనుకున్నాం. అరకు పోదామని కొందరు, బొగత పోదామని కొందరు. ఇంకో మాట కూడా చెప్పాలి. మాలో ఒకడు ఎనిమిది వందలకు మించి పెట్టలేడు. వాడు నోరు తెరిచి చెప్పడు, చివరి రోజు 'నాకు పనుంది' అని ఆగిపోతాడు. పోయినసారి సినిమాకు అట్లనే చేశాడు. వాడు లేకుండా పోవడం నాకు ఇష్టం లేదు. ఎవరైనా పోయి వచ్చినవాళ్లు ఉంటే ఖర్చుతో సహా చెప్పండి.

కాజీపేట జంక్షన్ (ఆగస్టు 1, రాత్రి 10:05)

తమ్ముడూ, అరకు గురించి నేను చెప్తా, రెండుసార్లు పోయాను. గురువారం సాయంత్రం వరంగల్‌లో గోదావరి ఎక్కితే తెల్లారేసరికి వైజాగ్. అక్కడి నుంచి పొద్దున కిరండూల్ రైలు పట్టుకుంటే సొరంగాలన్నీ చూసుకుంటూ అరకు చేరొచ్చు. ఆ ప్రయాణం జన్మలో ఒక్కసారైనా చేయాల్సిందే. టికెట్లు ఇప్పుడే వేయండి. వెయిటింగ్ లిస్ట్ వచ్చినా ఫర్వాలేదు, చార్ట్ పడేసరికి కన్‌ఫర్మ్ అయిపోతుంది. కాకపోతే స్లీపర్‌లోనే సర్దుకొని కూర్చోవచ్చు.

రంగశాయిపేట రవళి (ఆగస్టు 1, రాత్రి 10:30)

రైలు సంగతి నిజమే కానీ వెయిటింగ్ లిస్ట్ సంగతి ఇప్పుడు మారింది అన్నా. వెయిటింగ్ టికెట్‌తో స్లీపర్ ఎక్కనివ్వడం లేదు. టీటీఈ జనరల్‌కు పంపుతాడు, ఫైన్ కూడా వేయొచ్చు. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి ఆగస్టు 14 రాత్రి టికెట్లు జూన్‌లోనే అయిపోయి ఉంటాయి. ఇక మిగిలింది తత్కాల్. 13వ తేదీ పొద్దున 11 గంటలకు స్లీపర్ తత్కాల్ తెరుస్తారు, ఆధార్ లింక్ అయిన అకౌంట్ ఉండాలి. లాంగ్ వీకెండ్‌కు ఏడు బెర్తులు ఒకేసారి దొరుకుతాయని నమ్మి ప్లాన్ వేసుకోవద్దు. నలుగురికి దొరికి ముగ్గురికి దొరక్కపోతే ఏం చేస్తారు?

ములుగు రోడ్డు (ఆగస్టు 1, రాత్రి 11:15)

సాయి, నేను పదేళ్లుగా ఇటువైపు పిల్లలను, చుట్టాలను తిప్పుతున్నాను. ముందు అరకు లెక్క వేసి చూపిస్తా.

స్లీపర్ పోను రాను మనిషికి ఏడు వందలు దాటుతుంది. సెలవుల్లో అరకులో గదుల రేట్లు పెరుగుతాయి. ముగ్గురు అమ్మాయిలకు ఒకటి, మీకు ఒకటి చొప్పున రెండు గదులు, కనీసం ఒక రాత్రి, మనిషికి నాలుగైదు వందలు. మూడు రోజుల తిండి ఎంత పొదుపుగా చూసుకున్నా ఏడు వందలు. అక్కడ బొర్రా గుహలకు, అటూ ఇటూ తిరగడానికి జీపు. రెండు వేలు దాటిపోయింది. మీ 1500కే అది రాదు, మీ స్నేహితుడి ఎనిమిది వందల మాట దేవుడెరుగు.

అందుకే మీరు చోటు ముందు తేల్చి ఖర్చు తర్వాత చూడకండి. మీలో అందరికంటే తక్కువ ఎవరు పెట్టగలరో అదే బడ్జెట్ అనుకోండి. అంటే 800. అప్పుడు వెతకండి. 800కు మనిషి ఒక రాత్రి బయట గది తీసుకొని తిరగలేడు. కానీ రెండు రోజులు పొద్దున పోయి రాత్రికి ఇంటికి వచ్చేస్తే చక్కగా తిరగొచ్చు. ఒకరోజు రామప్ప, ఇంకోరోజు లక్నవరం. మూడో రోజు విశ్రాంతి, లేదా వాన పడితే వాడుకోవడానికి చేతిలో పెట్టుకోండి. అమ్మాయిల ఇళ్లలో రాత్రి బస గురించి ఒప్పించే టెన్షన్ కూడా ఉండదు.

సుబేదారి సాయి (ఆగస్టు 2, ఉదయం 7:20)

అన్నా, థాంక్స్. రామప్ప స్కూల్లో ఉన్నప్పుడు బస్సులో తీసుకుపోయారు, గంట చూసి వచ్చేశాం. మళ్లీ గుడికే అంటే మా వాళ్లు ఒప్పుకుంటారా అని అనుమానం. బొగత అయితే అందరూ ఎగిరి గంతేస్తారు.

జలపాతాల జాన్ (ఆగస్టు 2, ఉదయం 8:00)

బొగతకే పో బ్రదర్! ఆగస్టులో బొగత చూడకపోతే ఇంకెప్పుడు చూస్తావు? వానాకాలంలో ఆ నీళ్ల హోరు కిలోమీటరు దూరం వినిపిస్తుంది. తెలంగాణ నయాగరా అని ఊరికే అనలేదు. హన్మకొండ నుంచి ఏటూరునాగారం బస్సు, అక్కడి నుంచి వాజేడు వైపు. పొద్దున్నే లేస్తే అయిపోతుంది.

ములుగు రోడ్డు (ఆగస్టు 2, ఉదయం 9:10)

జాన్ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఆగస్టులో బొగత నిండుగా ఉంటుంది. కానీ చీకుపల్లి వాగుకు నీళ్లు ఎక్కువ వస్తే అటవీ శాఖ వాళ్లు గేటు మూసేస్తారు, లేదా దూరం నుంచి చూసి పొమ్మంటారు. జలపాతం ఎంత బాగుంటుందో ఆ రోజు మూసి ఉండే అవకాశం కూడా అంత ఎక్కువ.

బస్సు సంగతి ఇంకా ముఖ్యం. ఏటూరునాగారం దాకా బస్సులకు కొదవ లేదు. ఆ తర్వాత ముల్లకట్ట దగ్గర గోదావరి బ్రిడ్జి దాటి వాజేడు వైపు పోయే బస్సులు తక్కువ. హన్మకొండ నుంచి దాదాపు 140 కిలోమీటర్లు. పొద్దున ఆరుకు బయలుదేరినా అక్కడ చేరేసరికి పదకొండు, పన్నెండు. తిరుగు బస్సు కోసం మూడింటికల్లా రోడ్డు మీద నిలబడాలి. అది తప్పితే ఏడుగురికి ఏటూరునాగారం దాకా ప్రైవేటు బండి మాట్లాడుకోవాలి. మీ డబ్బులన్నీ ఆ ఒక్క బండికే పోతాయి. కిలోమీటర్లు ఎక్కువని జేబు ఖాళీ కాదు, ఆఖరి బస్సు తప్పితే ఖాళీ అవుతుంది. నేను చూసిన ట్రిప్పులన్నీ అక్కడే చెడ్డాయి.

అక్టోబర్ చివర్లో పొండి. నీళ్లూ ఉంటాయి, వాగు కూడా తగ్గి ఉంటుంది.

జలపాతాల జాన్ (ఆగస్టు 2, ఉదయం 9:45)

గేటు మూసినా ఇబ్బంది లేదు అన్నా, ఆ చుట్టుపక్కల ఇంకా జలపాతాలు ఉన్నాయి. వెంకటాపురం వైపు ముత్యంధార ఉంది. అక్కడ గేటూ లేదు, టికెటూ లేదు.

వాజేడు వనజ (ఆగస్టు 2, మధ్యాహ్నం 1:30)

మాది వాజేడు మండలమే. దయచేసి ముత్యంధార మాట పిల్లలకు చెప్పకండి. 2023 జులైలో సరదాగా పోయినవాళ్లు దాదాపు ఎనభై మంది వాగు పొంగి అడవిలో ఇరుక్కుపోయారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్లు వచ్చి బయటికి తెచ్చారు. లోపలికి నడిచేటప్పుడు మోకాలి లోతు కూడా లేని వాగు, పైన కొండల్లో వాన పడితే గంటలో దాటలేకుండా అవుతుంది. మీ మీద చినుకు కూడా పడి ఉండదు. అదే భయం. వాగు నీళ్లు ఎర్రగా మారి, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తుంటే పైన వాన పడిందని అర్థం. అప్పుడు ఇంకొంచెం సేపు ఉందాం అనుకోకుండా ఇవతలి ఒడ్డుకు వచ్చేయాలి. ఫోన్లు కూడా అక్కడ పని చేయవు.

జలపాతాల జాన్ (ఆగస్టు 2, మధ్యాహ్నం 2:15)

అక్కా, ఆ సంగతి నాకు తెలియదు. నేను పోయింది డిసెంబర్‌లో. ముత్యంధార మాట వెనక్కి తీసుకుంటున్నా. బొగత మాత్రం దూరం నుంచి చూసినా చాలు అంటాను.

హుజూరాబాద్ హరి (ఆగస్టు 2, సాయంత్రం 5:00)

మనిషికి 1500, మూడు రోజులు అంటే 4500 కదా. ఆ డబ్బుతో హంపి పోయి రావచ్చు. మేము ఆరుగురం పోయినప్పుడు మనిషికి నాలుగు వేలు అయింది. అక్కడ సైకిళ్లు అద్దెకు తీసుకొని తిరిగాం, విరూపాక్ష గుడి వెనకాల నది ఒడ్డున కూర్చుంటే లేవబుద్ధి కాలేదు.

రంగశాయిపేట రవళి (ఆగస్టు 2, సాయంత్రం 5:20)

హరి గారూ, రోజుకు కాదు, మొత్తం కలిపి 1500. అసలు లెక్క ఇప్పుడు 800కు వచ్చింది. పైన చదవండి.

హుజూరాబాద్ హరి (ఆగస్టు 2, సాయంత్రం 5:40)

అలాగా, సరిగ్గా చూడలేదు. అయితే భద్రాచలం చూడండి. దేవస్థానం గదులు తక్కువకే వస్తాయి, అక్కడి నుంచి పాపికొండలు బోటు.

ములుగు రోడ్డు (ఆగస్టు 2, రాత్రి 8:30)

గోదావరి వరద రోజుల్లో ఆ బోట్లు ఆపేస్తారు, ఆపాలి కూడా. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో మన కడిపికొండ వాళ్లు ఉన్నారు. ఆ ఊరి మీదుగా పోయినప్పుడల్లా గుర్తొస్తుంది. చలికాలంలో ఆలోచించండి.

సాయి, రామప్పకు మళ్లీ గుడేనా అన్నావు కదా. స్కూల్లో గంటలో చూపించింది చూసినట్టు కాదు. తొమ్మిదింటికల్లా చేరితే జనం ఉండరు. గుడి బయట చూరు కింద, స్తంభాల పై నుంచి వాలుగా నిలబడ్డ నల్లరాతి మదనికలు ఉంటాయి. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచేంత తేడా ఉంటుంది. ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పుల్లాంటివి ఉన్నాయి, అది మీ అమ్మాయిలను వెతకమను. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. పునాదిలో ఇసుక నింపారు. లోపల నేల రాళ్లు ఎగుడుదిగుడుగా కుంగినా గుడి నిలబడే ఉంది. ఆ కుంగిన చోట నిలబడి ఒకసారి కిందికీ పైకీ చూడండి. తర్వాత రామప్ప చెరువు కట్ట మీద కూర్చొని తెచ్చుకున్న అన్నం తినండి. సగం రోజు ఎలా పోయిందో తెలియదు.

ఇక లెక్క. నేను ఈ మధ్య పోయినప్పటి రేట్లు, పదీ ఇరవై అటూ ఇటూ కావచ్చు.

మొదటి రోజు హన్మకొండ నుంచి ములుగు ఎక్స్‌ప్రెస్‌కు దాదాపు 90. అమ్మాయిలకు ఫ్రీ. నలుగురికి పోను రాను 720. ములుగు నుంచి పాలంపేటకు ఇరవై కిలోమీటర్ల లోపే. షేర్ ఆటో కోసం చూస్తే పూట పోతుంది, ఏడుగురికి పెద్ద ఆటో పోను రాను, అక్కడ ఆగడంతో కలిపి 800కు మాట్లాడుకోండి. రెండో రోజు ఏటూరునాగారం బస్సెక్కి బుస్సాపూర్ దగ్గర దిగాలి, దాదాపు 130. నలుగురికి రానుపోను 1040. అక్కడి నుంచి లక్నవరం చెరువుకు ఏడెనిమిది కిలోమీటర్లు, ఆటోకు రానుపోను 600. బోటింగ్ మనిషికి వంద అనుకుంటే 700. తిండికి రోజుకు మనిషికి వంద, రెండు రోజులకు 1400. మొత్తం 5260. ఏడుగురికి పంచితే 751.

మట్వాడ మహేశ్ (ఆగస్టు 2, రాత్రి 9:05)

ఇంత లెక్క ఎందుకు, నాలుగు బైకులు తీసుకోండి. లక్నవరం పోయి వస్తే 160 కిలోమీటర్లు, బైకుకు నాలుగు వందల పెట్రోలు కూడా కాదు. ఇద్దరికి పంచితే రెండు వందలు.

వాజేడు వనజ (ఆగస్టు 2, రాత్రి 9:30)

డబ్బు పరంగా మీరు చెప్పింది తప్పు కాదు. కానీ ములుగు దాటాక అడవి రోడ్డు, వాన పడితే చీకటి తొందరగా కమ్ముతుంది, లారీలు ఎక్కువ. వచ్చేటప్పుడు అందరూ అలసిపోయి ఉంటారు. బస్సులో అయితే నిద్రపోతూ రావచ్చు.

భీమారం భవాని (ఆగస్టు 3, ఉదయం 6:50)

నాకు ఒక సందేహం. ఆ 751 లెక్కలో అబ్బాయిల బస్ టికెట్లు కూడా అందరికీ పంచారు. అంటే ఉచిత ప్రయాణం ఉన్న అమ్మాయిలు అబ్బాయిల టికెట్లకు డబ్బు కడుతున్నట్టే కదా. విడిగా చూస్తే బస్సు పోను మిగతా ఖర్చు 3500, మనిషికి 500. అమ్మాయిలకు 500, అబ్బాయిలకు 940. అది న్యాయం.

ములుగు రోడ్డు (ఆగస్టు 3, ఉదయం 8:00)

మీ లెక్క సరైనదే అమ్మా. కానీ అలా చేస్తే ఆ 800 పిల్లవాడు 940 కట్టాలి, ఆగిపోతాడు. కలిపి పంచితేనే వాడు వస్తాడు. ఇది ఆ ముగ్గురు అమ్మాయిలు తేల్చుకోవాల్సిన విషయం, మనం కాదు.

భీమారం భవాని (ఆగస్టు 3, ఉదయం 8:25)

వాళ్లను అడిగి ఒప్పుకుంటే మంచిదే. అడగకుండా కలిపేయడం మాత్రం నాకు నచ్చలేదు. మా బ్యాచ్‌లో అలా చేసి మాటలు వచ్చాయి.

సుబేదారి సాయి (ఆగస్టు 3, రాత్రి 9:50)

అమ్మాయిలతో మాట్లాడాను. ఎవరి గురించో చెప్పలేదు, 'అందరం ఒకే మొత్తం వేద్దాం' అన్నాను. ఇద్దరు వెంటనే సరే అన్నారు. మూడో అమ్మాయితో ఇంకో చిక్కు వచ్చింది. ఆమెది నందిగామ, ఆధార్‌లో ఆంధ్ర అడ్రస్. మరి ఫ్రీ ఉండదు కదా?

రంగశాయిపేట రవళి (ఆగస్టు 3, రాత్రి 10:10)

ఉండదు. తెలంగాణ అడ్రస్ ఉన్న ఒరిజినల్ కార్డు చూపించాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే కండక్టర్ ఒప్పుకోడు. మిగతా ఇద్దరికీ కార్డులు తెచ్చుకోమని చెప్పు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలోనే ఫ్రీ, డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితే అందరికీ టికెట్టే. బోర్డు చూసి ఎక్కండి. ఇంకొకటి, మధ్యలో ఎక్కితే నిలబడే చోటు కూడా దొరకదు, హన్మకొండ బస్టాండ్‌లోనే ఎక్కండి.

ములుగు రోడ్డు (ఆగస్టు 3, రాత్రి 10:40)

ఆమె టికెట్లు 440 కలిపితే మొత్తం 5700, మనిషికి 814. పద్నాలుగు రూపాయలు దాటింది. రెండో రోజు భోజనం ఇంటి నుంచి తెచ్చుకుంటే సరిపోతుంది. ఇల్లు ఇక్కడే ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు పులిహోర, పెరుగన్నం డబ్బాలు కట్టుకొస్తే ఆ రోజు తిండి ఖర్చు సగానికి తగ్గుతుంది. 5350 అవుతుంది, మనిషికి 764. మీరు మాత్రం తలా 800 ముందే ఒకరి దగ్గర వేసి, అందులోంచే అన్నీ కట్టండి. దారిలో ఎవరినీ విడిగా జేబులో చెయ్యి పెట్టనివ్వకండి. అప్పుడు ఎవరి దగ్గర ఎంత ఉందో ఎవరికీ తెలియదు.

మట్వాడ మహేశ్ (ఆగస్టు 4, ఉదయం 10:00)

తుఫాన్ బండి మాట్లాడితే? మా వీధిలో డీజిల్‌తో నాలుగు వేలు అడిగాడు. రామప్ప, లక్నవరం ఒకే రోజు.

ములుగు రోడ్డు (ఆగస్టు 4, మధ్యాహ్నం 12:20)

బండికి మనిషికి 570, బోటు, తిండి కలిపితే 770. రెండు రోజుల డబ్బు ఒక రోజులో అయిపోతుంది, కానీ ఆఖరి బస్సు టెన్షన్ ఉండదు. రెండు రోజులు కలిసి ఉండాలా, ఒక రోజు హాయిగా తిరగాలా అన్నది వాళ్ల ఇష్టం. నాకైతే రెండు రోజులే బాగుంటుంది.

సుబేదారి సాయి (ఆగస్టు 13, రాత్రి 8:15)

తలా 800 వసూలైంది, వాడు కూడా వేశాడు. కానీ వాన చూస్తే భయంగా ఉంది. శుక్రవారం పోవచ్చా?

వాజేడు వనజ (ఆగస్టు 13, రాత్రి 9:00)

ములుగు జిల్లాకు వాతావరణ శాఖ ఆరెంజ్ గానీ రెడ్ గానీ ఇస్తే ఆ రోజు మానేయండి. చెరువుల మత్తడి పడితే లక్నవరం దారిలో కూడా నీళ్లు రావచ్చు. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే ఆటోవాడు దాటిస్తా అన్నా ఎక్కవద్దు. మీకు మూడు రోజులు ఉన్నాయి కదా, శని, ఆదివారాలకు జరుపుకోండి. రామప్ప ముందు పెట్టుకోండి, వాన పడ్డా గుడి చూడొచ్చు.

సుబేదారి సాయి (ఆగస్టు 18, సాయంత్రం 6:30)

పోయి వచ్చాం. ఏడుగురం పోయాం.

శుక్రవారం ఇళ్లలోనే ఉన్నాం. శనివారం రామప్ప. చెప్పుల మదనికను నందిగామ అమ్మాయే మొదట కనిపెట్టింది. చెరువు కట్ట మీద రెండు గంటలు కూర్చున్నాం, ఆటో అన్న ఎక్కువసేపు ఆగినందుకు 150 అడిగాడు, ఇచ్చాం. ఆదివారం లక్నవరంలో గాలి ఎక్కువగా ఉందని బోటు ఆపేశారు. వేలాడే వంతెన మీద తిరిగి, అటువైపు దీవిలో డబ్బాలు విప్పుకున్నాం. నాలుగున్నరకు బుస్సాపూర్ రోడ్డు మీదికి వచ్చేశాం. మొదటి రెండు బస్సులు నిండిపోయి ఆపలేదు, మూడోదానికి ఎక్కాం. ఆరింటికి వద్దామని అనుకున్న మాట పట్టుకొని ఉంటే ఏమయ్యేదో.

మొత్తం ఖర్చు 4800. బోటు డబ్బులతో కలిపి 800 మిగిలాయి. తిరిగి పంచుదామంటే వాడే వద్దన్నాడు, బొగత కోసం ఉంచుదాం అన్నాడు.

భీమారం భవాని (ఆగస్టు 18, రాత్రి 7:45)

సంతోషం. బొగతకు కూడా అబ్బాయిల టికెట్లు కలిపే పంచుతారా? ఆ దూరానికి టికెట్లు ఎక్కువ, ముందే అమ్మాయిలను మళ్లీ అడుగు తమ్ముడూ.

జలపాతాల జాన్ (ఆగస్టు 18, రాత్రి 8:10)

అక్టోబర్‌లో పోయే ముందు ఇక్కడ చెప్పు, వాజేడు బస్సుల టైములు నేను ఏటూరునాగారం బస్టాండ్‌లో కనుక్కొని రాస్తాను. మా చిన్నమ్మ వాళ్లది అక్కడే.